అమ్మో నాన్నో హఠాత్తుగా పోతే ఆఫీసుకు లీవ్ లెటర్ ఎలా రాయాలి

విజయనగరం జిల్లాలో ఒక ఫ్యాక్టరీలో, హాజరు, సెలవుల లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను. ఇంట్లో చావు జరిగి రాసిన లీవ్ లెటర్లు ముందు నా టేబుల్ మీదకే వచ్చేవి. కొన్ని పేజీన్నర ఉండేవి. నాన్నకు ఎప్పటి నుంచి ఆయాసం, ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఎంత అప్పయింది, అన్నీ ఉండేవి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు సెలవు కావాలో మాత్రం ఉండేది కాదు. పాపం, రాసిన మనిషి ఉన్న స్థితిలో అది సహజమే. కానీ ఆ తేదీలు లేకపోతే ఆ లెటరు మీద సంతకం పడదు. మళ్లీ మేం ఫోన్ చేయాలి. చితి ఆరకముందే ఆ ఇంటికి ఫోన్ చేసి "ఎప్పుడొస్తావు బాబూ" అని అడగడం మాకూ బాధగానే ఉండేది.

అలాంటి ఫోన్ మీకు రాకుండా ఉండడానికి ఏం చేయాలో వరుసగా చెబుతాను. అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. పైడిభీమవరంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌లో పనిచేసే కుర్రాడు. సొంతూరు టెక్కలి దగ్గర పల్లె. ఇంటికి పెద్ద కొడుకు. 2025 జూన్ 9, సోమవారం రాత్రి షిఫ్టులో ఉండగా, తెల్లవారుజామున ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నాన్న గుండెపోటుతో పోయారు.

ముందు గేటు దాటే పని

డ్యూటీలో ఉండగా కబురు వస్తే కాళ్లు చేతులు ఆడవు. చాలామంది ఉన్నపళంగా బయటికి పరుగెత్తుతారు. అప్పుడు జరిగేది ఏమిటంటే, లోపలికి వచ్చినట్టు పంచ్ ఉంటుంది, బయటికి వెళ్లినట్టు ఉండదు. నెలాఖరులో ఆ షిఫ్టు మొత్తం ఆబ్సెంట్ కింద కనిపిస్తుంది. కాబట్టి షిఫ్ట్ ఇన్‌ఛార్జికి నోటితో చెప్పి, ఔట్ పాస్ మీద ఆయన సంతకం తీసుకుని, పంచ్ కొట్టి బయటికి రండి. ఐదు నిమిషాల పని. మీకు చేతకాకపోతే పక్కనున్న తోటి మనిషిని చేయమనండి, ఎవరూ కాదనరు. మీ చేతిలో ఉన్న పని ఏమిటో, లాగ్ బుక్‌లో ఎంతవరకు రాశారో, తాళాలు ఎవరికిచ్చారో ఒక్క ముక్క చెప్పండి.

ఇంకొక మాట. ఆ చీకట్లో హైవే మీద ఒంటరిగా బండేసుకుని బయల్దేరకండి. తోడు ఎవరినైనా అడగండి, లేదా కారు మాట్లాడమనండి. ఇలాంటప్పుడు ఇన్‌ఛార్జులు మనిషిని పంపడం నేను చాలాసార్లు చూశాను.

రాత్రి షిఫ్టు వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పదో తేదీ తెల్లవారుజామున బయటికి వచ్చినా, ఆ షిఫ్టు హాజరు తొమ్మిదో తేదీ కిందే లెక్క. అందుకే మన కుర్రాడి సెలవు పదో తేదీ నుంచి మొదలవుతుంది. ఈ తేడా తెలియక లెటర్‌లో తొమ్మిది నుంచి అని రాస్తే, చేసిన షిఫ్టుకు కూడా మీరే సెలవు పెట్టుకున్నట్టవుతుంది.

ఒక మెసేజ్, ఒకరి పేరు మీద

ఇంట్లో ఉండగా జరిగితే ఔట్ పాస్ గొడవ లేదు. కానీ మీ తర్వాతి షిఫ్టు మొదలయ్యేలోపు ఒక మెసేజ్ వెళ్లాలి. దీన్ని డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోకండి. గ్రూపులో అందరూ నమస్కారం బొమ్మలు పెడతారు, సెలవు సంగతి చూడాల్సిన మనిషి చూశాడో లేదో తెలియదు. మీ పై అధికారి నంబరుకు విడిగా పంపండి. మన కుర్రాడు దారిలో కారులో కూర్చుని పంపింది ఇలా ఉంటుంది అనుకుందాం:

> సార్, మా నాన్నగారు ఈ తెల్లవారుజామున గుండెపోటుతో చనిపోయారు. ఊరికి బయల్దేరాను. ఈ రోజు నుంచి డ్యూటీకి రాలేను. ఎన్ని రోజులో రేపు సాయంత్రంలోగా లెటర్ పంపుతాను. నేను ఫోన్ ఎత్తలేకపోతే మా బావగారి నంబరుకు చేయండి.

కింద బావగారి నంబరు. అంతే. ఇందులో సెలవు ఎన్ని రోజులో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. ఆ సమయంలో చెప్పిన తేదీ ఎలాగూ మారుతుంది. లెటర్ ఎప్పుడు వస్తుందో చెప్పాడు, అది చాలు. రెండో మనిషి నంబరు ఇవ్వడం మాత్రం మర్చిపోకండి. ఆ రోజంతా మీ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మీకే తెలియదు.

మెసేజ్ కూడా మీరే పంపాలని లేదు. తమ్ముడో, బావో, స్నేహితుడో మీ ఫోన్ నుంచి పంపవచ్చు. "నేను ఫలానా వారి బావను" అని ముందు చెబితే సరిపోతుంది.

రోజులు లెక్కపెట్టడం

లెటర్‌లో కష్టమైన పని ఇదే. మిగతాదంతా ఐదారు వాక్యాలు.

దహనం అయిన మర్నాటికి ఇంట్లో పెద్దవాళ్లు ఎలాగూ పురోహితుడితో మాట్లాడతారు. ఆ మాటల్లో కూర్చుని మూడు తేదీలు రాసుకోండి: పెద్దకర్మ ఏ రోజు, దాని తర్వాత ఇంట్లో చేయాల్సింది ఏ రోజుతో పూర్తవుతుంది, మీరు ఏ రోజు బయల్దేరగలరు. మన వైపు చాలా ఇళ్లలో పదకొండో రోజు పెద్దకర్మ, పన్నెండో రోజుతో కార్యక్రమాలు పూర్తి. కొన్ని కులాల్లో ఇంకో విధంగా ఉంటుంది. వారం చూసుకుని ఒకరోజు అటూ ఇటూ జరిపే ఇళ్లూ ఉన్నాయి. అందుకే మీకు తెలుసనుకున్నా అడిగే రాయండి. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడిక ఏ రోజు పెట్టుకుంటారో, ముస్లిం కుటుంబాల్లో ఇంట్లో పెద్దవాళ్లు ఏ రోజు వరకు ఉండమంటారో, దాన్నిబట్టి లెక్క వేసుకోవాలి.

మన కుర్రాడి ఇంట్లో పోయిన రోజునే ఒకటో రోజుగా లెక్కిస్తారు. జూన్ 10 మంగళవారం ఒకటో రోజు. పదకొండో రోజు జూన్ 20, శుక్రవారం. పన్నెండో రోజు జూన్ 21, శనివారం. జూన్ 22 ఆదివారం, అతనికి వారపు సెలవు. 23 సోమవారం డ్యూటీలో చేరవచ్చు. అంటే 10 నుంచి 21 వరకు 12 రోజులు. మధ్యలో 15వ తేదీ ఆదివారం తీసేస్తే 11 పని దినాలు.

ఇప్పుడు ఈ 11 రోజులు ఏ ఖాతాలో పడతాయన్నది చూడాలి. తల్లో తండ్రో పోతే ప్రైవేటు ఉద్యోగికి ఇన్ని రోజులు సెలవు ఇచ్చి తీరాలని మన దేశంలో అందరికీ వర్తించే చట్టం ఏదీ లేదు. అది కంపెనీ పాలసీని బట్టి ఉంటుంది. ఇచ్చేచోట చాలావరకు మూడు నుంచి ఐదు రోజులు. కొన్ని కంపెనీల్లో అసలు లేదు. మిగతా రోజులు మన ఖాతాలో ఉన్న సెలవుల నుంచే వాడుకోవాలి.

మన కుర్రాడి కంపెనీ మూడు రోజులు ఇస్తుంది. అతని ఖాతాలో 5 క్యాజువల్ లీవులు, 9 ఆర్జిత సెలవులు, అంటే ఈఎల్‌లు, ఉన్నాయి. మూడు రోజులు కంపెనీవి, ఐదు క్యాజువల్, మూడు ఈఎల్ అని వేసుకుంటే 11 సరిగ్గా సరిపోతాయి కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది లెటర్ వెనక్కి వస్తుంది. క్యాజువల్ లీవునూ ఈఎల్‌నూ ఒకదాని వెంట ఒకటి కలిపి వాడకూడదన్న నియమం చాలా సంస్థల్లో ఉంది. అప్పుడు మొదటి మూడు రోజులు, అంటే 10, 11, 12 తేదీలు కంపెనీ సెలవు. 13 నుంచి 21 వరకు మొత్తం ఈఎల్ కింద అడగాలి. మధ్యలో వచ్చిన ఆదివారాన్ని కూడా ఈఎల్‌లో కలిపి లెక్కించే కంపెనీ అయితే 9 రోజులు, కలపకపోతే 8. అతనికి 9 ఉన్నాయి కాబట్టి ఎలా లెక్కించినా జీతం పోదు. క్యాజువల్ లీవులు ఐదూ అలాగే మిగులుతాయి. వచ్చే నెలల్లో ఆస్తి కాగితాలకనీ బ్యాంకు పనికనీ ఒక్కో రోజు కావాల్సి వస్తుంది, అప్పుడు అవి పనికొస్తాయి.

ఈ లెక్కంతా ఆ సమయంలో మీరు కూర్చుని చేయలేకపోవచ్చు. పరవాలేదు. "నిబంధనల ప్రకారం నా ఖాతాలోని సెలవుల్లో సర్దుబాటు చేయగలరు" అని ఒక వాక్యం రాస్తే, ఆ పని టైమ్ ఆఫీసు చూసుకుంటుంది. అది మా పనే. తేదీలు మాత్రం మీరే ఇవ్వాలి.

ఈఎల్‌కు సంబంధించి ఇంకో అడ్డంకి ఉంది. ఆర్జిత సెలవుకు 15 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. ఆ అలవాటే చాలా కంపెనీల లీవ్ ఫారాల మీద, సాఫ్ట్‌వేర్‌లో కొనసాగుతోంది. వెనుక తేదీతో పెడితే యాప్ తీసుకోదు. దానికి కంగారు పడకండి. కాగితం మీద రాసిన లెటర్‌ను, లేదా ఈమెయిల్‌ను మేనేజర్ ఆమోదిస్తే, యాప్‌లో హెచ్ఆర్ వాళ్లు ఎక్కిస్తారు. యాప్ తీసుకోలేదని ఊరుకుంటేనే ఇబ్బంది.

దుకాణాల్లో, చిన్న ప్రైవేటు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు దారి వేరు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం, తగిన కారణం మీద ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో క్యాజువల్ లీవు ఉంది. కన్నవాళ్లు పోవడం కన్నా తగిన కారణం ఏముంటుంది. లెటర్‌లో చట్టం పేరు ఎత్తాల్సిన పని లేదు, ఎత్తకపోతేనే మంచిది. "క్యాజువల్ లీవు ఇవ్వగలరు" అని అడగండి చాలు.

హైదరాబాదులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే మన ఉద్దానం పిల్లలు ప్రయాణాన్ని కూడా రోజుల్లో కలుపుకోవాలి. సికింద్రాబాద్ నుంచి పలాసకో శ్రీకాకుళం రోడ్డుకో రైలంటే ఒక రాత్రి గడిచిపోతుంది. పన్నెండో రోజు సాయంత్రం రైలెక్కి మర్నాడు ఉదయం దిగి అట్నుంచి అటే ఆఫీసుకు వెళ్తానని రాయకండి. ఇంకో రోజు అడగండి.

లెటర్

ఇంతవరకు చేసింది చేతిలో ఉంటే లెటర్ రాయడానికి పది నిమిషాలు పట్టదు. తెల్ల కాగితం మీద చేత్తో రాసి, ఫోటో తీసి పంపినా సరే. మన కుర్రాడి లెటర్ ఇది:

> తేదీ: 11-06-2025
>
> గౌరవనీయులైన ప్రొడక్షన్ మేనేజర్ గారికి,
>
> విషయం: తండ్రి మరణం కారణంగా 10-06-2025 నుంచి 21-06-2025 వరకు సెలవు కోరుతూ.
>
> అయ్యా,
>
> మా తండ్రిగారు 10-06-2025 మంగళవారం తెల్లవారుజామున మా స్వగ్రామంలో గుండెపోటుతో మరణించారని విచారంతో తెలియజేస్తున్నాను. పెద్ద కొడుకుగా కర్మలు నేనే జరపవలసి ఉంది.
>
> అందువల్ల 10-06-2025 నుంచి 21-06-2025 వరకు నాకు సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. మొదటి మూడు రోజులను కంపెనీ పాలసీ ప్రకారం ఇచ్చే సెలవుగా, మిగిలిన రోజులను నా ఖాతాలోని ఈఎల్‌గా పరిగణించగలరు. 22వ తేదీ నా వారపు సెలవు. 23-06-2025 సోమవారం డ్యూటీకి హాజరవుతాను.
>
> 9వ తేదీ రాత్రి షిఫ్టులో నా పనిని షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారికి అప్పగించి, ఔట్ పాస్ తీసుకుని వచ్చాను. అత్యవసరమైతే ఈ కింది రెండు నంబర్లలో సంప్రదించగలరు. మరణ ధ్రువీకరణ పత్రం అందిన వెంటనే సమర్పిస్తాను.
>
> ఇట్లు,
> తమ విధేయుడు,
> (సంతకం, పేరు, ఎంప్లాయీ నంబరు, డిపార్ట్‌మెంట్, రెండు ఫోన్ నంబర్లు)

విషయం లైనులోనే తేదీలు ఉన్నాయి చూడండి. మేనేజరు రోజుకు ఎన్నో కాగితాలు చూస్తాడు. ఆ ఒక్క లైను చదివితే ఆయనకు సంగతంతా తెలుస్తుంది. సంతకం పెట్టేస్తాడు.

"పెద్ద కొడుకుగా కర్మలు నేనే జరపవలసి ఉంది" అన్న వాక్యం ఊరికే రాసింది కాదు. 12 రోజులు ఎందుకన్న ప్రశ్నకు అదే జవాబు. కర్మ చేసేవాడు మధ్యలో డ్యూటీకి రాలేడని మన వైపు అందరికీ తెలుసు. మీరు రెండో కొడుకో కూతురో అయితే ఆ వాక్యం మార్చండి. "అమ్మగారు ఒంటరిగా ఉన్నారు, పెద్దకర్మ వరకు నేను ఇంటి దగ్గర ఉండటం అవసరం" అని రాయవచ్చు. పెళ్లయిన ఆడపిల్లలు పుట్టింటి చావుకు రెండు మూడు రోజులు అడగడానికే మొహమాటపడటం చూశాను. తండ్రి తండ్రే. పెద్దకర్మ వరకు ఉండాలనుకుంటే అదే తేదీలు వేసి అడగండి. కారణం వేరే చెప్పనక్కర్లేదు.

మాటల సంగతికి వస్తే, "మరణించారు", "కాలం చేశారు", "స్వర్గస్థులయ్యారు" ఏది రాసినా మర్యాదే. నేనైతే మరణించారు అనే రాయమంటాను. అన్ని మతాలవాళ్లకూ సరిపోతుంది, ఫైలులో స్పష్టంగానూ ఉంటుంది. "మా ఫాదర్‌కు సీరియస్‌గా ఉంది" అని రాసి, తర్వాత పోయారని చెప్పే పద్ధతి మాత్రం వద్దు. ఇంట్లోవాళ్లకు కబురు మెల్లగా చెప్పడానికి అలా అంటాం. ఆఫీసు రికార్డులో రెండు కాగితాల్లో రెండు మాటలుంటే అనుమానం వస్తుంది.

జబ్బు వివరం ఒక్క మాటకు మించనివ్వకండి. గుండెపోటుతో, రోడ్డు ప్రమాదంలో, అనారోగ్యంతో, అంతే. అదీ చెప్పడం ఇష్టం లేకపోతే "హఠాత్తుగా మరణించారు" చాలు. ఆత్మహత్యలాంటివి జరిగిన ఇళ్లవాళ్లు ముఖ్యంగా ఇది గుర్తుంచుకోవాలి. కారణం చెప్పాల్సిన బాధ్యత ఆ లెటర్‌లో మీకు లేదు, అడిగే హక్కు లెటర్ చదివేవాళ్లకూ లేదు.

"నా పరిస్థితిని దయతో అర్థం చేసుకుని", "కన్నీళ్లతో రాస్తున్నాను", "తమరే దిక్కు" లాంటివి తీసేయండి. మీ దుఃఖం తక్కువని కాదు. మీ నాన్న గురించి రాయాల్సినది ఈ కాగితం మీద రాయకండి, అది మీ దగ్గరే ఉండనివ్వండి. ఈ కాగితం పది చేతులు మారుతుంది, ఫైలులో గుచ్చుతారు. అప్పు గురించి, అడ్వాన్స్ గురించి కూడా ఇందులో కలపకండి. డబ్బు అవసరమైతే అది వేరే లెటర్, వేరే రోజు. రెండూ ఒకే కాగితం మీద ఉంటే, డబ్బు సంగతి తేలేదాకా సెలవు కూడా ఆగుతుంది.

ఇంగ్లీషులో ఈమెయిల్ రాయాల్సిన ఆఫీసు అయితే ఇవే వాక్యాలు ఇదే వరుసలో రాయండి. సబ్జెక్ట్ లైనులో బిరీవ్‌మెంట్ లీవ్ అని, పక్కన తేదీలు, మీ పేరు. మేనేజర్‌కు పంపి, హెచ్ఆర్‌ను కాపీలో పెట్టండి.

కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు లెటర్‌ను కాంట్రాక్టర్ పేరు మీద రాసి, ఒక కాపీ సైట్ సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. జీతంతో సెలవు దొరక్కపోయినా, గేట్ పాస్ రద్దు కాకుండా ఉండడానికి ఆ కాపీయే ఆధారం. ఎవరికిచ్చినా, రెండో ప్రతి మీద "అందినది" అని సంతకం, తేదీ వేయించుకోండి. మీరు వెళ్లలేరు కాబట్టి ఆ పని తోటి ఉద్యోగికి అప్పగించండి.

సాక్ష్యం అడిగితే

శవం ఫోటోలు, చితి ఫోటోలు పంపేవాళ్లు ఉన్నారు. దయచేసి పంపకండి. ఏ ఆఫీసూ అవి అడగకూడదు. అడిగినా ఇవ్వనక్కర్లేదు. అవి ఏ ఫోన్లలో తిరుగుతాయో మీ చేతిలో ఉండదు.

వెంటనే ఏదైనా చూపించాల్సి వస్తే, ఆస్పత్రిలో పోయినవాళ్లకు ఆస్పత్రి ఇచ్చే కాగితం ఉంటుంది. ఇంట్లో పోయినవాళ్లకు పెద్దకర్మ కార్డు సరిపోతుంది. మా ఆఫీసులో దాన్నే ఫైలులో పెట్టుకునేవాళ్లం. అసలు కాగితం మరణ ధ్రువీకరణ పత్రం. అది మొదటి వారంలో చేతికి రాకపోవచ్చు, అందుకే లెటర్‌లో "అందిన వెంటనే" అని రాశాం, తేదీ వేయలేదు.

దాని కోసం 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయించాలి. ఆస్పత్రిలో జరిగితే నమోదుకు సమాచారం ఇవ్వాల్సింది ఆస్పత్రే. ఇంట్లో జరిగితే ఇంటివాళ్లు చెప్పాలి: పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శికి, శ్రీకాకుళం, విజయనగరం లాంటి పట్టణాల్లో అయితే మున్సిపల్ ఆఫీసులో. 21 రోజులు దాటితే ఆలస్య రుసుము, ఇంకా ఆలస్యమైతే పై అధికారుల అనుమతులు, ఇలా తిప్పలు పెరుగుతాయి. సెలవులో ఉన్న ఈ 12 రోజుల్లోనే ఎవరితోనైనా ఆ పని మొదలుపెట్టించండి. నమోదు చేయించేటప్పుడు నాన్న పేరు ఆధార్‌లో ఎలా ఉందో, మీ సర్వీసు రికార్డులో తండ్రి పేరు ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. అప్పారావు ఒకచోట, అప్పలనాయుడు ఒకచోట ఉంటే మాత్రం తర్వాత చాలా తిరగాల్సి వస్తుంది.

రోజులు చాలకపోతే

అమ్మ మంచం పట్టింది, లేదా పెద్దకర్మ రెండు రోజులు ఆలస్యంగా పెట్టాల్సి వచ్చింది. అలాంటప్పుడు సెలవు పొడిగించమని అడగాలి. సెలవు అయిపోకముందే అడగాలన్నది ముఖ్యం. మన కుర్రాడైతే 20వ తేదీ సాయంత్రంలోగా ఇలా పంపాలి:

> అయ్యా, 10-06-2025 నుంచి 21-06-2025 వరకు తీసుకున్న సెలవును, మా అమ్మగారి అనారోగ్యం వల్ల 25-06-2025 వరకు పొడిగించగలరని కోరుతున్నాను. 26-06-2025 గురువారం డ్యూటీకి హాజరవుతాను.

పాత తేదీలు, కొత్త తేదీ, చేరే రోజు. ఈ మూడే. మన కుర్రాడి ఈఎల్ దాదాపు అయిపోయింది కాబట్టి, ఈ అదనపు రోజులు జీతం లేని సెలవుగా పడవచ్చు. అది నష్టమే, కానీ చెప్పకుండా ఉండిపోవడం అంతకన్నా పెద్ద నష్టం. సెలవు ముగిశాక 8 రోజుల్లోపు తిరిగి రాకపోతే, వచ్చి సరైన వివరణ ఇవ్వకపోతే ఉద్యోగంపై హక్కు పోతుందన్న నియమం ఫ్యాక్టరీల నమూనా స్టాండింగ్ ఆర్డర్లలోనే, అంటే ఉద్యోగ నియమావళిలోనే, ఉండేది. చెప్పి నాలుగు రోజులు ఎక్కువ ఉన్నవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. చెప్పకుండా ఉన్నవాళ్లకు నోటీసులు టైప్ చేయాల్సి వచ్చేది.

తిరిగి చేరిన రోజు

గేటు దగ్గర ముఖం చూసే మెషిన్ ఉంటే, గుండు చేయించుకున్నవాళ్లను అది ఒక్కోసారి గుర్తుపట్టదు. నేరుగా టైమ్ ఆఫీసుకు వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెట్టి, కొత్తగా ఫోటో తీయమనండి. "23-06-2025 ఉదయం డ్యూటీలో చేరాను" అని ఒక్క లైను జాయినింగ్ లెటర్ ఇవ్వండి. ఏ షిఫ్టులో పడ్డారో ముందురోజే ఫోన్ చేసి కనుక్కుంటే మంచిది. మీరు లేని రెండు వారాల్లో షిఫ్టులు మారిపోయి ఉంటాయి.

ధ్రువీకరణ పత్రం వచ్చాక ఒక జిరాక్స్ హెచ్ఆర్‌కు ఇవ్వండి. అప్పుడే పీఎఫ్ నామినీ ఎవరో చూసుకోండి. పెళ్లి కానివాళ్లలో చాలామంది నాన్న పేరే పెట్టి ఉంటారు. దాన్ని అమ్మ పేరు మీదకు మార్చుకోవాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు కుటుంబ సభ్యుల జాబితా కూడా సరిచేయించుకోవాలి. ఇది చేరిన రోజే చేయాలని లేదు, కానీ ఆ నెల దాటనివ్వకండి.

ఆ నెల జీతం స్లిప్ వచ్చినప్పుడు తేదీల వారీగా చూడండి. 10, 11, 12 కంపెనీ సెలవుగా, 13 నుంచి 21 వరకు ఈఎల్‌గా ఉండాలి. 9వ తేదీ రాత్రి షిఫ్టు హాజరుగా ఉండాలి, లేదా ఔట్ పాస్ సమయాన్ని బట్టి సగం రోజుగా ఉండాలి. ఎక్కడైనా ఆబ్సెంట్ అని పడితే, "అందినది" సంతకం ఉన్న మీ కాపీ, ఔట్ పాస్ రెండూ పట్టుకుని టైమ్ ఆఫీసుకు వెళ్లండి. కాగితం చేతిలో ఉంటే అది వచ్చే నెల జీతంలో సరిచేసి ఇస్తారు.